60,000 డాలర్ల గీత: అమెరికా షేర్లున్న తెలుగు కుటుంబాలకు ఎస్టేట్ ట్యాక్స్ లెక్క

హైదరాబాద్‌లో ఒక అమెరికా కంపెనీ శాఖలో పదేళ్లు పనిచేసిన ఉద్యోగికి జీతంతో పాటు ఏటా కొన్ని షేర్లు వస్తాయి. వాటినే ఆర్ఎస్‌యూలు అంటాం. అవి అమెరికాలోని ఒక బ్రోకరేజీ ఖాతాలో జమవుతూ ఉంటాయి. ఆయనకు అమెరికాలో ఇల్లు లేదు, అక్కడ ఉద్యోగం చేయలేదు, కొన్నేళ్లుగా ఆ దేశం ముఖం కూడా చూసి ఉండకపోవచ్చు. అయినా ఆయన చనిపోయిన రోజున ఆ షేర్ల విలువ 60,000 డాలర్లు దాటి ఉంటే, చనిపోయినవారి ఆస్తి మీద వేసే ఎస్టేట్ ట్యాక్స్‌కు అమెరికా ప్రభుత్వానికి రిటర్న్ వేయాల్సిన బాధ్యత కుటుంబం మీద పడుతుంది. ఈ సంగతి చాలా ఇళ్లలో తెలిసేది, మనిషి పోయిన నెల తర్వాత బ్రోకరేజీ కంపెనీకి డెత్ సర్టిఫికెట్ పంపినప్పుడే.

ఈ పన్ను పెద్ద ధనవంతులకు కదా అన్న అనుమానం సహజమే. అమెరికా వార్తల్లో కనబడే మినహాయింపు చాలా పెద్దది. 2026లో చనిపోయినవారికి అది 1.5 కోట్ల డాలర్లు. కానీ ఆ మినహాయింపు అమెరికా పౌరులకు, అమెరికాలో స్థిరనివాసం ఉన్నవారికి మాత్రమే. ఈ రెండింటిలో ఏదీ కానివారికి చట్టం ఇచ్చేది 13,000 డాలర్ల క్రెడిట్, అంటే లెక్కగట్టిన పన్నులోంచి తగ్గించే మొత్తం. అది 60,000 డాలర్ల ఆస్తి మీద పడే పన్నుకు సరిగ్గా సమానం. ఆ 13,000 అంకె 1988 నుంచి మారలేదు. పౌరుల మినహాయింపు ఏటా ధరల పెరుగుదలతో పాటు పైకి కదులుతుంది. దీనికి ఆ ఏర్పాటు కూడా లేదు. ఇంకో విషయం, 1942 నుంచి 1976 దాకా అమెరికా పౌరులకు ఉన్న మినహాయింపు కూడా ఇదే 60,000. వాళ్లు ఆ అంకెను దాటి ఎంతో దూరం వెళ్లిపోయారు, బయటి దేశాలవాళ్లను అక్కడే వదిలేశారు.

ఎవరు ఏ గట్టున ఉన్నారు

ఇక్కడ స్థిరనివాసం అంటే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో చూసే రెసిడెంట్ హోదా కాదు. ఇన్‌కమ్ ట్యాక్స్‌కు అమెరికాలో ఎన్ని రోజులున్నారు, గ్రీన్ కార్డు ఉందా అని చూస్తారు. ఎస్టేట్ ట్యాక్స్‌కు చూసేది డొమిసైల్. మనిషి అక్కడ నివసిస్తూ, తిరిగి వెళ్లిపోయే నిర్దిష్టమైన ఉద్దేశం లేకుండా ఉన్నాడా అన్నదే ప్రశ్న. డాలస్‌లో పన్నెండేళ్లుగా హెచ్-1బీ మీద ఉంటూ, ఇల్లు కొనుక్కుని, గ్రీన్ కార్డు దరఖాస్తు క్యూలో ఉన్న వ్యక్తికి డొమిసైల్ అమెరికాయే అని వాదించడానికి మంచి ఆధారాలుంటాయి. రెండేళ్ల ప్రాజెక్టు మీద వెళ్లి, భార్యాపిల్లలను విజయవాడలోనే ఉంచినవారికి ఆ వాదన నిలబడటం కష్టం. మధ్యలో ఉన్నవాళ్లకు ఇది నిజంగానే మబ్బు. ఇల్లు, కుటుంబం, దరఖాస్తులు, వీలునామాలో రాసుకున్న మాట, ఇవన్నీ కలిపి నిర్ణయిస్తారు.

ఎక్కువ దెబ్బ తినేది తిరిగొచ్చేసినవాళ్లు. పదిహేనేళ్లు అక్కడ సంపాదించి, 401(కె) రిటైర్‌మెంట్ ఖాతా, కొన్ని షేర్లు అక్కడే వదిలి విశాఖలో స్థిరపడినవాళ్లకు, డొమిసైల్ మారిన రోజు నుంచి మినహాయింపు కోటిన్నర డాలర్ల నుంచి 60,000కు జారిపోతుంది. ఆస్తి అదే, ఖాతా అదే, మనిషి కూడా ఆయనే. చిరునామా మాత్రమే మారింది.

పన్ను మెట్లు, మినహాయింపు ఎక్కడ తగులుతుంది

ఎస్టేట్ ట్యాక్స్ మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లాగే శ్లాబుల్లో నడుస్తుంది. మొదటి 10,000 డాలర్లకు ఒక రేటు, ఆ తర్వాతి భాగానికి మరో రేటు. ఒక మోస్తరు ఆస్తికి కావలసిన మెట్లు ఇవి:

10,000 వరకు: 18 శాతం
10,000 నుంచి 20,000: 20 శాతం
20,000 నుంచి 40,000: 22 శాతం
40,000 నుంచి 60,000: 24 శాతం
60,000 నుంచి 80,000: 26 శాతం
80,000 నుంచి 1,00,000: 28 శాతం
1,00,000 నుంచి 1,50,000: 30 శాతం
1,50,000 నుంచి 2,50,000: 32 శాతం
2,50,000 నుంచి 5,00,000: 34 శాతం

ఆ పైన 37, 39 శాతం మెట్లు దాటి, 10 లక్షల డాలర్లు మించిన భాగానికి 40 శాతం దగ్గర ఆగుతుంది.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. మినహాయింపు 60,000 కాబట్టి, 2,00,000 ఆస్తిలోంచి 60,000 తీసేసి, మిగిలిన 1,40,000కు 18 శాతం నుంచి మెట్లెక్కుతూ పన్ను వేస్తారని అనుకుంటారు. అలా వేస్తే 35,800 వస్తుంది. అసలు లెక్క అలా సాగదు. ముందు మొత్తం 2,00,000 మీదా కింది మెట్టు నుంచి పన్ను కడతారు. దాంట్లోంచి 13,000 క్రెడిట్ తీసేస్తారు. మొదటి 1,50,000 మీద పన్ను 38,800. మిగిలిన 50,000కు 32 శాతం చొప్పున 16,000. మొత్తం 54,800. అందులోంచి 13,000 పోతే 41,800. రెండు లెక్కలకూ తేడా 6,000 డాలర్లు.

మన ఇన్‌కమ్ ట్యాక్స్‌లో సెక్షన్ 87ఎ రిబేటు తెలిసినవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ కూడా ముందు పన్ను లెక్కగట్టి, తర్వాత రిబేటు తగ్గిస్తారు. ఒక తేడా ఉంది. 87ఎ రిబేటు ఆదాయం హద్దు దాటితే చేజారుతుంది. ఈ 13,000 క్రెడిట్ మాత్రం ఆస్తి ఎంత పెరిగినా పోదు. అందువల్ల గీత దాటగానే నెత్తిన బండ పడదు. ఆస్తి 61,000 అయితే పన్ను 260 డాలర్లే. కానీ ఆ 260 వచ్చింది 26 శాతం రేటుతో. 18, 20, 22, 24 మెట్లను క్రెడిట్ పూర్తిగా మింగేసింది కాబట్టి, నిజంగా జేబులోంచి పోయే మొదటి డాలరుకే రేటు 26 శాతం. పట్టికలో కనిపించే కింది నాలుగు మెట్లు ఎవరి చేతా పన్ను కట్టించవు.

పౌరులకూ ఇదే పట్టిక. వాళ్ల క్రెడిట్ 1.5 కోట్ల మీద పడే పన్నుకు సమానం కాబట్టి అన్ని మెట్లూ అందులో మునిగిపోతాయి. పైన మిగిలేది ఒకే ఒక్క 40 శాతం. మెట్ల పద్ధతి నేటికీ ప్రాణంతో ఉన్నది మన లాంటి బయటివాళ్ల చిన్న ఆస్తుల్లోనే.

ఏది లెక్కలోకి వస్తుంది, ఏది రాదు

అమెరికాలో స్థిరనివాసం లేని మనిషికి అక్కడ ఉన్నట్టు చట్టం భావించే ఆస్తి మీదే ఈ పన్ను. గుంటూరు పొలం, హైదరాబాద్ ఫ్లాటు, పీఎఫ్ దీని కిందకు రావు. అమెరికాలో ఇల్లు ఉంటే వస్తుంది, అది అందరూ ఊహించేదే. షేర్ల విషయంలో చూసేది కంపెనీ ఎక్కడ ఏర్పడిందన్నదే. అమెరికా కంపెనీ షేరు అయితే, దాన్ని ఇండియాలోని యాప్ ద్వారా కొన్నా, యజమాని తరఫున బ్రోకరు పేరిట ఉంచినా అది అమెరికా ఆస్తే. అమెరికాలో ఏర్పాటైన ఈటీఎఫ్‌లు, మ్యూచువల్ ఫండ్లు కూడా అంతే. 401(కె), ఐఆర్ఏ లాంటి రిటైర్‌మెంట్ ఖాతాలూ వస్తాయి.

బ్యాంకు డబ్బు దగ్గర చిత్రమైన తేడా ఉంది. అమెరికా బ్యాంకులో మామూలు సేవింగ్స్ లేదా డిపాజిట్ ఖాతాలో ఉన్న డబ్బు, అక్కడి వ్యాపారానికి సంబంధించింది కానంతవరకు, పన్ను లెక్కలోకి రాదు. అదే డబ్బు షేర్లు అమ్మాక బ్రోకరేజీ ఖాతాలో నగదుగా పడి ఉంటే వస్తుంది. చనిపోయిన వ్యక్తి ప్రాణం మీద తీసుకున్న జీవిత బీమా సొమ్ము అమెరికా కంపెనీ ఇచ్చినా రాదు. ఇండియాలోని మ్యూచువల్ ఫండ్ ద్వారా అమెరికా షేర్లలో పెట్టిన పెట్టుబడి, ఐర్లాండ్‌లో ఏర్పాటైన ఈటీఎఫ్ యూనిట్లు రావు. లోపల ఉన్నవి అమెరికా షేర్లే అయినా, మనిషి చేతిలో ఉన్నది అమెరికా సంస్థ కాగితం కాదు.

ఒక కుటుంబం లెక్క, మొదటి నుంచి చివరిదాకా

ఊహించిన ఉదాహరణే అయినా, అంకెలు సాధారణంగా కనిపించేవే తీసుకుందాం. హైదరాబాద్‌లో ఉంటున్న భారతీయ పౌరుడు. తన కంపెనీ షేర్లు 425 ఉన్నాయి. చనిపోయిన రోజున ఆ షేరు 404 డాలర్ల గరిష్ఠ ధర, 396 కనిష్ఠ ధర తాకింది. విలువ కట్టేది ముగింపు ధరతో కాదు, ఆ రోజు గరిష్ఠ, కనిష్ఠ ధరల సగటుతో. అంటే షేరుకు 400, మొత్తం 1,70,000. అమెరికా ఈటీఎఫ్ యూనిట్ల విలువ 20,000. బ్రోకరేజీ ఖాతాలో మిగిలిన నగదు 10,000. ఈ మూడూ కలిపి 2,00,000. ఇదికాక అమెరికా బ్యాంకు సేవింగ్స్‌లో 15,000 ఉంది, అది పన్నుకు రాదు. ఇండియాలో ఫ్లాటు, పీఎఫ్, డిపాజిట్లు డాలర్లలో 2,85,000. ప్రపంచవ్యాప్తంగా మొత్తం ఆస్తి 5,00,000.

అప్పులూ ఉన్నాయి. ఫ్లాటు మీద హోమ్ లోన్ బకాయి 40,000 డాలర్లకు సమానం. అంత్యక్రియలు, లాయరు, సీఏ ఖర్చులు 5,000. మొత్తం 45,000. వీటిని తగ్గించుకోవచ్చు, కానీ అంతా కాదు. మొత్తం ఆస్తిలో అమెరికా ఆస్తి ఎంత వంతో, అప్పుల్లో అంత వంతే. ఇక్కడ 5,00,000లో 2,00,000 అంటే 40 శాతం. 45,000లో 40 శాతం 18,000. పన్ను వేయాల్సిన ఆస్తి 1,82,000.

```
1,82,000 - 1,50,000       = 32,000
38,800 + (32,000 x 0.32)  = 49,040
49,040 - 13,000           = 36,040
```

కట్టాల్సింది 36,040 డాలర్లు. అప్పులు చూపకపోతే 41,800. ఆదా అయింది 5,760. ఈ ఆదాకు ఒక షరతు ఉంది. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఏ ఆస్తి ఉందో రిటర్న్‌లో పూర్తిగా చెప్పాలి, విలువలకు ఆధారాలు పెట్టాలి. చెప్పకపోతే ఈ తగ్గింపు ఒక్క డాలరు కూడా రాదు. పైగా ఇండియాలో ఆస్తి ఎంత ఎక్కువైతే అంత తక్కువ అందుతుంది. ఇదే మనిషికి మొత్తం ఆస్తి 10,00,000 అయి ఉంటే వంతు 20 శాతానికి పడిపోయి, తగ్గింపు 9,000 దగ్గరే ఆగేది. అప్పులు చిన్నవైతే, ఫ్లాటుకూ పొలానికీ వాల్యుయేషన్ చేయించే శ్రమ ఆదాకు మించిపోవచ్చు. పెద్ద హోమ్ లోన్ ఉన్న ఇంట్లో మాత్రం ఈ లెక్క వేయకుండా వదలకూడదు.

షేరు ధర తర్వాత పడిపోతే ఏమిటి? మామూలుగా మరణించిన రోజు విలువే ఖాయం. అయితే ఆరు నెలల తర్వాతి విలువను ఎంచుకునే వెసులుబాటు ఉంది. దానివల్ల ఆస్తి విలువా, పన్నూ రెండూ తగ్గాలి. ఎంచుకుంటే ఆస్తులన్నిటికీ అదే తేదీ వర్తిస్తుంది. మధ్యలో అమ్మినవాటికి మాత్రం అమ్మిన రోజు విలువ. 400 ఉన్న షేరు ఆరు నెలల్లో 300కు దిగితే ఇది పెద్ద ఊరటే. పెరిగితే దీన్ని ముట్టుకోరు.

భార్యకే వెళ్తుంది కదా, పన్నెందుకు?

ఈ ప్రశ్న ప్రతి ఇంట్లో వస్తుంది. అమెరికా చట్టంలో భార్యకు లేదా భర్తకు వెళ్లే ఆస్తి మీద ఎస్టేట్ ట్యాక్స్ ఉండదు, నిజమే. కానీ బతికున్న ఆ భార్య లేదా భర్త అమెరికా పౌరులై ఉండాలి. భారతీయ పౌరురాలైన భార్యకు ఆ వెసులుబాటు నేరుగా దక్కదు. దక్కించుకోవాలంటే ఆస్తిని ఒక ప్రత్యేకమైన ట్రస్టులో పెట్టాలి. దానికి అమెరికా ట్రస్టీ ఉండాలి, రిటర్న్‌లోనే ఆ ఎంపిక చేయాలి. అప్పుడు కూడా పన్ను మాఫీ కాదు, వాయిదా మాత్రమే. ట్రస్టులోంచి అసలు సొమ్ము తీసినప్పుడో, ఆమె చనిపోయినప్పుడో కట్టాలి. 36,000 డాలర్ల పన్నును వాయిదా వేయడానికి ఏళ్ల తరబడి ట్రస్టీ ఫీజులు, లాయరు ఫీజులు కట్టడం ఈ స్థాయి ఆస్తికి గిట్టుబాటు కాదనే చెప్పాలి. కొడుకో కూతురో అమెరికా పౌరులు కాబట్టి వాళ్లకు రాస్తే పన్ను పోతుందన్న నమ్మకమూ తప్పే. పౌరసత్వం చూసేది భార్యాభర్తల మధ్యే.

జాయింట్ ఖాతా కూడా ఆశించినంత పని చేయదు. పౌరులు కాని భార్యాభర్తల జాయింట్ ఖాతాలో ముందు ఎవరు చనిపోతే, మొత్తం వాళ్ల డబ్బే అన్నట్టుగా చూస్తారు. బతికున్నవాళ్లు తమ సంపాదనలోంచి పెట్టిన వాటాను కాగితాలతో చూపగలిగితేనే ఆ మేరకు తగ్గుతుంది. నామినీగా రాయడం డబ్బు ఎవరి చేతికి వెళ్లాలో చెబుతుంది, పన్నును ఆపదు.

రిటర్న్, సర్టిఫికెట్, మధ్యలో ఇరుక్కునే షేర్లు

వేయాల్సిన రిటర్న్ పేరు ఫారం 706-ఎన్ఏ. గడువు మరణించిన రోజు నుంచి 9 నెలలు. ఫారం 4768 వేస్తే ఇంకో 6 నెలలు వస్తుంది, కానీ అది రిటర్న్ వేయడానికే. డబ్బు కట్టడానికి గడువు ఆ 9 నెలలే, ఆ తర్వాత వడ్డీ మొదలవుతుంది. ఆలస్యంగా రిటర్న్ వేస్తే కట్టాల్సిన పన్ను మీద నెలకు 5 శాతం చొప్పున 25 శాతం దాకా జరిమానా పడుతుంది. 36,040 పన్నులో 25 శాతం అంటే 9,010 డాలర్లు. అది కేవలం తెలియకపోవడానికి కట్టే ధర.

రిటర్న్ వేయాలా వద్దా అనేది అప్పులు తీసేయక ముందరి విలువతో నిర్ణయిస్తారు. అమెరికా ఆస్తి 65,000 ఉండి, అప్పుల తగ్గింపుతో పన్ను సున్నాకు చేరినా రిటర్న్ తప్పదు. అసలే మనవాళ్లలో ఎక్కువమంది 60,000 చుట్టుపక్కలే ఉంటారు కాబట్టి ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

రిటర్న్‌కు డెత్ సర్టిఫికెట్, వీలునామా ఉంటే దాని సర్టిఫైడ్ కాపీ జతచేయాలి. తెలుగులో రాసి రిజిస్టర్ చేయించిన వీలునామాకు ఇంగ్లిష్ అనువాదం కావాలి. అనువాదంలో పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టు, బ్రోకరేజీ ఖాతాలో ఉన్నట్టు ఒకేలా ఉండేలా చూసుకోవాలి. మన ఇంటిపేర్లు ఒక కాగితంలో ముందు, ఒకదాంట్లో వెనుక, మరోదాంట్లో ఒక్క అక్షరంగా ఉండటం వల్ల ఇద్దరు వేర్వేరు మనుషులేమో అన్న ప్రశ్న లేస్తుంది. ఆ ప్రశ్నకు ఒక్కో ఉత్తరం, ఒక్కో జవాబు నెలలు తినేస్తాయి.

బ్రోకరేజీ కంపెనీ షేర్లను వదలాలంటే అమెరికా పన్నుల శాఖ ఐఆర్ఎస్ ఇచ్చే ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ అడుగుతుంది. దాని నంబరు ఫారం 5173. రిటర్న్ చూసి, పన్ను అందిందని తృప్తి చెందాకే ఐఆర్ఎస్ అది ఇస్తుంది. పన్ను కట్టకుండా షేర్లు బదిలీ చేస్తే ఆ బాధ్యత తమ మీద పడుతుందని కంపెనీల భయం, అందుకే గట్టిగా పట్టుబడతాయి. దాంతో షేర్లు అమ్మి పన్ను కడదామనుకున్న కుటుంబానికి, పన్ను కట్టేదాకా షేర్లు చేతికి రావు. డబ్బు చాలావరకు ఇండియా నుంచే సమకూర్చి పంపాల్సి వస్తుంది. పై ఉదాహరణలో అమెరికా బ్యాంకులో ఉన్న 15,000 ఇక్కడ పనికొస్తుంది, మిగిలింది వెతుక్కోవాలి. 60,000 లోపు ఉన్నవాళ్లకు ఈ సర్టిఫికెట్ అక్కర్లేదు, అయినా అమెరికాలో ఇంకెక్కడా ఆస్తి లేదని అఫిడవిట్ లాంటి ఆధారం కంపెనీ అడుగుతుంది.

ఈ తిప్పలు విన్నాక కొందరికి తట్టే దారి ఒకటుంది. పాస్‌వర్డు తెలుసు, ఓటీపీ వచ్చే ఫోన్ ఇంట్లోనే ఉంది, ఎవరికీ చెప్పకుండా లాగిన్ అయి అమ్మేసి డబ్బు తెప్పించుకుందామని. అది చేయకూడదు. చనిపోయిన మనిషి పేరుతో లావాదేవీ చేయడమే తప్పు. పైగా పన్ను మరణించిన క్షణంలోనే ఏర్పడింది, ఆ తర్వాత అమ్మినంత మాత్రాన చెరిగిపోదు. వీలునామాను అమలు చేసే ఎగ్జిక్యూటర్ ఎవరూ లేకపోతే, ఆస్తి చేతిలో ఉన్నవాళ్లనే చట్టం ఎగ్జిక్యూటర్‌గా చూస్తుంది. అంటే ఆ లాగిన్ చేసినవాళ్లే బాధ్యులవుతారు.

బతికుండగా చేయగలిగినవి

అన్నిటికన్నా తేలికైనది షేర్లు పోగవ్వనివ్వకపోవడం. వెస్ట్ అయిన, అంటే పూర్తిగా తమ సొంతమైన షేర్లను ఎప్పటికప్పుడు అమ్మి, డబ్బు ఇండియాకు తెచ్చుకుంటే 60,000 గీత దగ్గరకే రాదు. అమెరికా మార్కెట్‌లో పెట్టుబడి కావాలనుకునేవాళ్లు ఇండియా ఫండ్ల ద్వారానో, ఐర్లాండ్ ఈటీఎఫ్‌ల ద్వారానో పెట్టుకోవచ్చు.

రెండోది చాలామందికి తెలియనిది. అమెరికాలో స్థిరనివాసం లేని బయటిదేశం మనిషి, అమెరికా కంపెనీ షేర్లను బతికుండగా బహుమతిగా ఇస్తే దాని మీద అమెరికా గిఫ్ట్ ట్యాక్స్ లేదు. చనిపోయాక ఇస్తే 26 శాతం నుంచి మొదలయ్యే ఆస్తి, ముందే చేతులు మారితే సున్నా. ఒక ఇంట్లో భర్త పేరిటే 1,10,000 డాలర్ల షేర్లున్నాయనుకుందాం. ఆయన పోతే లెక్క 26,800లోంచి 13,000 తీసేస్తే 13,800. అదే సగం షేర్లు ముందే భార్య సొంత ఖాతాకు బదిలీ అయి ఉంటే, ఇద్దరి దగ్గరా 55,000 చొప్పున ఉంటుంది. ఎవరి 60,000 వాళ్లది. అప్పుడు పన్నూ లేదు, రిటర్నూ లేదు.

ఇది పనిచేయాలంటే బహుమతి నిజంగా బహుమతి కావాలి. బదిలీ చేశాక కూడా డివిడెండు తనే తీసుకుంటూ, తనకు ఇష్టమైనప్పుడు వెనక్కి తీసుకునే హక్కు ఉంచుకుంటే, ఆ షేర్లు మళ్లీ ఆయన ఆస్తిలోకే వస్తాయి. ఇంకో జాగ్రత్త, షేర్లనే ఇవ్వాలి. వాటిని అమ్మి, అమెరికా ఖాతాలోని నగదును ఇస్తే అది అమెరికాలో ఉన్న భౌతిక ఆస్తి కింద గిఫ్ట్ ట్యాక్స్‌కు దొరికే ప్రమాదం ఉంది. ఇల్లు, స్థలం ఇస్తే ఎలాగూ పన్ను పడుతుంది. ఇటు ఇండియాలో భార్యకో భర్తకో ఇచ్చిన బహుమతి మీద పన్ను లేకపోయినా, ఆ షేర్ల డివిడెండు, అమ్మితే వచ్చే లాభం ఇచ్చినవాళ్ల ఆదాయంలోనే కలుపుతారు. పెద్దపిల్లలకు ఇస్తే ఆ కలపడం ఉండదు.

ఇండియా వైపు లెక్క

మన దేశంలోనూ ఇలాంటి పన్ను ఉండేది. 1953లో వచ్చిన ఎస్టేట్ డ్యూటీని 1985 మార్చి 16 నుంచి ఎత్తేశారు. అది లేకపోవడం ఇక్కడ ఒక విధంగా నష్టమే చేస్తుంది. రెండు దేశాల్లోనూ పన్ను ఉంటే ఒకచోట కట్టింది ఇంకోచోట తగ్గించమని అడగవచ్చు. ఇక్కడ అసలు పన్నే లేదు కాబట్టి తగ్గించడానికి ఏమీ ఉండదు. ఇండియా, అమెరికా మధ్య ఉన్న ఒప్పందం ఇన్‌కమ్ ట్యాక్స్‌కు మాత్రమే. ఎస్టేట్ ట్యాక్స్‌కు బ్రిటన్, జర్మనీ, జపాన్ లాంటి దేశాలతో అమెరికాకు ఒప్పందాలున్నాయి, మనతో లేదు.

తర్వాత వారసులు ఆ షేర్లు అమ్మినప్పుడు ఇంకో చిక్కు ఎదురవుతుంది. అమెరికా చట్టం మరణించిన రోజు ధరనే వారసుల కొనుగోలు ధరగా చూస్తుంది. ఇండియా చట్టం చనిపోయిన వ్యక్తికి పడిన అసలు ఖరీదునే చూస్తుంది. పై ఉదాహరణలో షేరు 100 డాలర్ల దగ్గర వెస్ట్ అయి, 400 దగ్గర మనిషి పోయి, అదే ధరకు వారసులు అమ్మారనుకుంటే, ఎస్టేట్ ట్యాక్స్ పూర్తిగా కట్టిన తర్వాత కూడా ఇండియాలో 300 డాలర్ల లాభం మీద క్యాపిటల్ గెయిన్స్ పన్ను కట్టాలి. ఆ ఖరీదుకు ఆధారం, షేర్లు వెస్ట్ అయిన సంవత్సరాల ఫారం 16, బ్రోకరేజీ స్టేట్‌మెంట్లు. అవి కంపెనీ ఈమెయిల్‌లో ఉండిపోతే, ఉద్యోగి పోయిన వారంలోనే ఆ ఈమెయిల్ మూతపడుతుంది. కాబట్టి వాటి కాపీలు ఇంట్లో ఇంకొకరికి తెలిసిన చోట ఉండాలి. షేర్లు పేరు మారిన ఏడాది నుంచి వారసులు తమ ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో విదేశీ ఆస్తుల షెడ్యూల్‌లో వాటిని చూపడం కూడా మొదలుపెట్టాలి.